నాలుగు జవాబులు వచ్చాయి, ఆ అబ్బాయి ప్రశ్నకు కాదు

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్లకు వినిపిస్తోందా? సరే. లైట్లు కొంచెం తగ్గిస్తే తెర మీద అక్షరాలు కనబడతాయి. ఇవాళ మనకు అక్షరాలతోనే పని.

నేను పదిహేనేళ్లుగా డేటాబేస్ పనులు చేస్తున్నాను. ఖాళీ దొరికితే, ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే వేదికల్లో జవాబులు రాస్తుంటాను. మొదట్లో నేనూ అలా అడిగే నేర్చుకున్నాను. ఎవరో తెలియని మనిషి, ఎక్కడో ఉన్న మనిషి, నా ప్రశ్న పూర్తిగా చదివి, "మూడో లైను మళ్లీ చూడు" అని ఒక్క ముక్క రాసేవాడు. అంతే, రెండు రోజుల టెన్షన్ పోయేది. ఆ రుణం ఇలా తీర్చుకుంటున్నాను.

చాట్‌జీపీటీ లాంటి యంత్రాల చేత జవాబులు రాయించడం మొదలయ్యాక అక్కడ ఏం జరుగుతోందో చెప్పమని నన్ను పిలిచారు. అన్నీ చెప్పను. ఒక్క ప్రశ్న తీసుకుంటాను. ఒక అబ్బాయి అడిగిన ప్రశ్న. దానికి వచ్చిన జవాబులు. దాన్ని మనం పూర్తిగా విప్పి చూద్దాం.

ఈ అబ్బాయి కర్నూలు వైపు వాడు. ఒక స్కూలుకి విద్యార్థుల రిజిస్టరు తయారు చేసే పని ఒప్పుకున్నాడు. పేర్లు తెలుగులోనే ఉండాలని హెడ్మాస్టరుగారి పట్టుదల. మంచి పట్టుదలే. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్, 5.7 వెర్షన్. ప్రోగ్రాం జావాలో. పేర్లు ఎక్కించాక చూస్తే, పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకాలు. "రవి" అని ఎక్కిస్తే ఇలా వచ్చింది:

```
???
```

ఇప్పుడు ఆ అబ్బాయి అడిగిన తీరు చూడండి. చాలా బాగా అడిగాడు. ఇది నేను గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే "ప్రశ్న సరిగ్గా అడగడం రాదు" అని కుర్రాళ్లను తిట్టడం మనకు అలవాటు. వాడు మూడు విషయాలు రాశాడు. ఒకటి, నా టేబుల్ అన్ని భాషల అక్షరాలూ పట్టే utf8mb4 లోనే ఉంది, ఇదిగో టేబుల్ నిర్వచనం అని అతికించాడు. రెండు, డేటాబేస్‌ని తెర మీద చూపించే వర్క్‌బెంచ్ తెరిచి చేత్తో టైప్ చేసి ఎక్కించిన నలభై పేర్లు తెలుగులో సరిగ్గా కనబడుతున్నాయి. మూడు, జావా ప్రోగ్రాం ఎక్కించిన మూడొందల పేర్లు మాత్రమే ప్రశ్నార్థకాలుగా ఉన్నాయి. రెండు రకాల వరసలూ ఒకే టేబుల్‌లో, ఒకే తెర మీద కనబడుతున్నాయి.

ఈ పని తెలిసినవాళ్లు హాల్లో ఎంతమంది ఉన్నారు? కొంతమంది ఉన్నారు. మీకు ఈపాటికే అర్థమైపోయి ఉంటుంది. తెలియనివాళ్లు కూడా ఒక్క నిమిషం ఆలోచించండి. చేత్తో ఎక్కిస్తే బాగుంది, ప్రోగ్రాం ఎక్కిస్తే బాగాలేదు. టేబుల్ ఒకటే. చూసే తెర ఒకటే. మరి తప్పు ఎక్కడ ఉండాలి? టేబుల్‌లో ఉండదు. ఫాంట్‌లో ఉండదు. ప్రోగ్రాంకీ డేటాబేస్‌కీ మధ్య ఉన్న దారిలోనే ఉండాలి. డేటాబేస్ పేరే తెలియని మనిషి కూడా ఇంతవరకు రాగలడు. ఆ అబ్బాయి ప్రశ్నలోనే సగం జవాబు ఉంది.

సాయంత్రానికి నాలుగు జవాబులు వచ్చాయి.

మొదటి జవాబు నాలుగు నిమిషాల్లో వచ్చింది. శీర్షికలు, చుక్కలు పెట్టిన వరసలు, ముదురు అక్షరాలు, అన్నీ ఉన్నాయి. అది చెప్పింది ఏమిటంటే, మైఎస్‌క్యూఎల్‌లో utf8 అనేది ఒక అక్షరానికి మూడు బైట్లే ఇస్తుంది, అందుకే తెలుగు అక్షరాలు పోతున్నాయి, కాబట్టి టేబుల్‌ని utf8mb4 కి మార్చుకోండి. కింద మార్చే కమాండ్.

దీన్ని కొంచెం ఆగి చూద్దాం. ఇందులో మొదటి ముక్క నిజం. ఆ వెర్షన్‌లో utf8 అంటే మూడు బైట్లే. ఎమోజీలకు నాలుగు బైట్లు కావాలి, అందుకే ఎమోజీలు అందులో పట్టవు. ఈ సంగతి మీద వేలమంది ఇబ్బంది పడ్డారు, వేల జవాబులు రాశారు. కానీ తెలుగు అక్షరానికి ఎన్ని బైట్లు కావాలి? మూడే. అన్ని భాషల అక్షరాలకూ నంబర్లిచ్చే యూనికోడ్‌లో తెలుగు 0C00 నుంచి 0C7F దాకా ఉంటుంది. ఆ వరసలో ఏ అక్షరమైనా యూటీఎఫ్-8 లో మూడు బైట్లే. అంటే ఆ పాత utf8 లో కూడా తెలుగు హాయిగా పడుతుంది. ఎమోజీ జబ్బుకి రాసిన మందు తెలుగుకి రాశారు. పైగా ఆ అబ్బాయి టేబుల్ అప్పటికే utf8mb4. ప్రశ్నలో రెండో వాక్యంలో ఉంది ఆ మాట. టేబుల్ నిర్వచనం కింద అతికించే ఉంది.

మరి ఈ జవాబు ఎవరికి? "మైఎస్‌క్యూఎల్‌లో తెలుగు ప్రశ్నార్థకాలుగా వస్తోంది" అనే శీర్షికకు. ప్రశ్న శీర్షిక మాత్రం చదివి, ఆ శీర్షికతో ప్రపంచంలో ఎక్కువమంది పడిన ఇబ్బంది ఏదో దానికి జవాబు చెప్పారు. ఈ అబ్బాయి ఇబ్బందికి చెప్పలేదు.

రెండో జవాబు కొలేషన్ మార్చమంది, సిస్టంలో తెలుగు ఫాంట్ ఉందో లేదో చూడమంది. కొలేషన్ అంటే పేర్లను ఏ వరసలో పేర్చాలి, ఎలా పోల్చాలి అనే లెక్క. అక్షరాలు చెడిపోవడానికి దానికి సంబంధం లేదు. ఫాంట్ లేకపోతే చేత్తో ఎక్కించిన నలభై పేర్లు ఎలా కనబడతాయి? దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు. నాలుగోది రెండోదాన్నే మాటలు మార్చి చెప్పింది, దాన్నీ వదిలేద్దాం.

మూడోది వదలకూడదు. మూడోది పది అంచెల జవాబు. ఇక్కడే అసలు నష్టం జరిగింది. ఆ పది అంచెల్లో సరైన జవాబు కూడా ఉంది! ఎనిమిదో అంచెలో ఉంది. ప్రోగ్రాం నుంచి డేటాబేస్‌కి వెళ్లే కనెక్షన్‌లో ఎన్‌కోడింగ్, అంటే అక్షరాలను ఏ పద్ధతిలో బైట్లుగా మార్చాలో, చెప్పండి అని. అయితే ఏమైంది? అది ఎనిమిదోది. మొదటి అంచె ఎంత ధీమాగా ఉందో, ఎనిమిదోది అంతే ధీమాగా ఉంది. ఏది పనికొస్తుందో, ఏది ప్రమాదమో ఆ జవాబుకి తెలియదు. జ్వరం అని వెళ్తే షాపులో ఉన్న మాత్రలన్నీ ఒక కవర్లో వేసి, వరసగా వేసుకో, ఏదో ఒకటి పనిచేస్తుంది అన్నట్టుంది.

కుర్రాడు ఏం చేస్తాడు? వరసగానే చేస్తాడు. ఒకటి చేశాడు, మారలేదు. రెండు చేశాడు, మారలేదు. మూడో అంచె ఇది, చూడండి:

```sql
UPDATE students SET name =
 CONVERT(CAST(CONVERT(name USING latin1)
 AS BINARY) USING utf8mb4);
```

"పాడైన అక్షరాలను బాగుచేయడానికి" అని పైన రాసి ఉంది. ఈ కమాండ్ అబద్ధం కాదు. దీనికి ఒక సందర్భం ఉంది. కొన్నిసార్లు తెలుగు ఇలా కనబడుతుంది, మీరు చూసే ఉంటారు:

```
à°¤à±†
```

ఇది "తె". త అనే అక్షరానికి E0 B0 A4 అని మూడు బైట్లు. వాటిని ఎవరో లాటిన్ అక్షరాలు అనుకుని చదివితే à ° ¤ అని మూడు బొమ్మలు కనబడతాయి. వినండి, ఇది ముఖ్యం. ఇక్కడ అక్షరం పోలేదు. బైట్లు ఉన్నాయి, చదవడం తప్పింది. తప్పుగా చదివినదాన్ని వెనక్కి తిప్పితే అక్షరం మళ్లీ వస్తుంది. ఆ కమాండ్ చేసే పని అదే.

మరి ప్రశ్నార్థకం సంగతి? ప్రశ్నార్థకం వేరు. అక్కడ అక్షరం పోయింది. latin1 అనే లాటిన్ అక్షరాల పట్టికలో తెలుగు లేదు. తెలుగు అక్షరాన్ని ఆ పట్టికలోకి మార్చమంటే, దొరక్క, ఆ స్థానంలో ఒక ప్రశ్నార్థకం పెట్టి ముందుకు పోతుంది. ర కి ఒకటి, వ కి ఒకటి, గుడికి ఒకటి. అందుకే "రవి" కి మూడు ప్రశ్నార్థకాలు. కంటికి రెండక్షరాలు, కంప్యూటరుకి మూడు. తొమ్మిది బొమ్మలు కాకుండా మూడు ప్రశ్నార్థకాలు వచ్చాయంటేనే ఇది రెండో రకం జబ్బు అని తెలిసిపోతుంది. దాన్ని ఏ కమాండూ వెనక్కి తేలేదు. ర పోయి ప్రశ్నార్థకం అయింది, క పోయినా ప్రశ్నార్థకమే అవుతుంది. ఏది ఏదో ఎలా తెలుస్తుంది?

ఇప్పుడు ఆ కమాండ్ ఈ టేబుల్ మీద నడిపితే ఏమవుతుంది? లోపల మొదటి పని ఏమిటో చూడండి, name ని latin1 లోకి మార్చు. ప్రశ్నార్థకాలుగా ఉన్న మూడొందల పేర్లు ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి. చేత్తో ఎక్కించిన నలభై పేర్లు? అవి అసలు సిసలు తెలుగు. వాటిని latin1 లోకి మార్చమంటే దొరకవు. అవి కూడా ప్రశ్నార్థకాలైపోయాయి. ఏ వరసలను మార్చాలో చెప్పే WHERE లేదు, బ్యాకప్ తీసుకోమని ఒక్క మాట లేదు. బాగున్న నలభై కూడా పోయాయి.

అబ్బాయి మళ్లీ రాశాడు, "సార్, ఇప్పుడు అన్నీ ??? అయిపోయాయి, ఏం చేయాలి" అని. దాని కింద జవాబు ఇచ్చినవాళ్లు ఎవరూ తిరిగి రాలేదు. ఎందుకు వస్తారు? వాళ్లు ఆ జవాబు రాయలేదు కదా. ప్రశ్న తీసుకెళ్లి యంత్రంలో వేశారు, వచ్చింది తెచ్చి ఇక్కడ అతికించారు. వాళ్ల పేజీ తెరిచి చూస్తే ఆ గంటలో వేరే వేరే విషయాల మీద పాతిక జవాబులు ఉన్నాయి. పాయింట్ల కోసం కావచ్చు, ఉద్యోగానికి చూపించుకోవడానికి కావచ్చు. ఆ కుర్రాడి నలభై పేర్లు ఏమయ్యాయో వాళ్లకు తెలియను కూడా తెలియదు. నాకు దీని మీద కోపం ఉంది. దాచుకోను.

నేను రాత్రి పదింటికి చూశాను. నేను మొదట చేసింది జవాబు చెప్పడం కాదు, అడగడం. ఈ కమాండ్ నడిపి ఏం వస్తుందో పెట్టు బాబూ అన్నాను.

```sql
SELECT name, HEX(name) FROM students LIMIT 5;
```

HEX అంటే లోపల నిజంగా ఏ బైట్లు ఉన్నాయో చూపించడం. కంటికి కనబడేదాన్ని నమ్మక్కర్లేదు. E0B0 అనో E0B1 అనో మొదలైతే తెలుగు క్షేమంగా ఉంది, చూపించే చోట ఏదో తేడా. C3A0 అని మొదలైతే ఇందాక చూసిన à రకం, బాగుచేయవచ్చు. 3F 3F 3F అని ఉంటే అవి నిజంగా ప్రశ్నార్థకాలే. ఆ అబ్బాయికి అన్నీ 3F వచ్చాయి.

రెండో ప్రశ్న అడిగాను, జావాలో కనెక్షన్ లైను ఏమిటి, జావాని డేటాబేస్‌తో కలిపే డ్రైవర్ ఏ వెర్షన్ అని. డ్రైవర్ పాతది, 5.1 వరస. కనెక్షన్ లైనులో ఎన్‌కోడింగ్ మాటే లేదు. అలా లేనప్పుడు ఆ డ్రైవర్ సర్వర్‌ని అడుగుతుంది, నీ మామూలు అక్షర పట్టిక ఏది అని. 5.7 సర్వర్‌లో మనం ఏమీ మార్చకపోతే అది latin1. టేబుల్ utf8mb4 అయినా సరే, సర్వర్ మామూలు పట్టిక latin1. కాబట్టి డ్రైవర్ తెలుగు పేరుని జావాలోనే latin1 లోకి మార్చి, ప్రశ్నార్థకాలు చేసి, వాటిని పంపింది. సర్వర్‌కి అందింది ప్రశ్నార్థకాలే. అది మామూలు అక్షరమే కదా, అందుకే ఎర్రర్ కూడా రాలేదు. తప్పు జరిగిందని ఎవరూ అరవలేదు.

మార్చాల్సింది ఒక్క లైను:

```
jdbc:mysql://localhost/school?useUnicode=true&characterEncoding=UTF-8
```

మార్చి ఒక పేరు ఎక్కించి HEX చూడమన్నాను. E0B0B0E0B0B5E0B0BF. రవి. పావుగంటలో అయిపోయింది.

8.0 నుంచి సర్వర్ మామూలు పట్టికే utf8mb4 అయింది, కాబట్టి కొత్తగా పెట్టుకునేవాళ్లకు ఈ బాధ తక్కువ. అందుకే వెర్షన్ ఏది అని అడగకుండా దీనికి జవాబు చెప్పకూడదు. ఆ నాలుగు జవాబుల్లో ఒక్కటైనా వెర్షన్ అడిగిందా? డ్రైవర్ అడిగిందా? ఏదీ ఏమీ అడగలేదు. నేను ఇప్పుడు జవాబు చూడగానే మొదట వెతికేది అదే. రెండోది, ప్రశ్న లోపల ఉన్న ఒక్క వివరమైనా జవాబులో వాడారా? ఇక్కడ "చేత్తో ఎక్కిస్తే బాగుంది" అన్నదే అసలు ఆధారం. నాలుగు జవాబుల్లో "వర్క్‌బెంచ్" అన్న మాటే లేదు. శీర్షిక చదివితే చాలు ఆ నాలుగూ రాసేయొచ్చు.

ఇదివరకు చెత్త జవాబులు లేవా అంటారు. ఉన్నాయి, బోలెడు. కానీ చెత్త జవాబు చెత్తగానే కనబడేది. రెండు ముక్కలు, అక్షర దోషాలు, "నాకు ఇలా పనిచేసింది" అనే మాట. చూడగానే తెలిసేది, పక్కన పెట్టేవాళ్లం. ఓపిగ్గా, శుభ్రంగా, వివరంగా రాశారంటే ఆ మనిషి సమయం పెట్టాడని అర్థం. ఆ గుర్తు ఇప్పుడు పనిచేయడం లేదు. శుభ్రత ఉచితంగా వస్తోంది.

ఇది మన ఒక్కరి అనుభవం కాదు. స్టాక్ ఓవర్‌ఫ్లో 2008 నుంచి ఉంది, ప్రోగ్రామర్లు సందేహాలు అడిగే వేదిక, ఇందరికి అన్నం పెట్టింది. చాట్‌జీపీటీ 2022 నవంబర్ 30న వచ్చింది. డిసెంబర్ 5 నాటికి, అంటే ఐదు రోజుల్లో, దానితో రాసిన జవాబులు పెట్టకూడదని అక్కడ నిషేధం పెట్టాల్సి వచ్చింది. వాళ్లు చెప్పిన కారణం కూడా ఇదే. తప్పు శాతం ఎక్కువ, కానీ చూడడానికి బాగుంటాయి, తయారు చేయడం మరీ సులువు. ఒకడు ఒక్క నిమిషంలో పెట్టినదాన్ని తప్పని తేల్చడానికి తెలిసిన మనిషికి అరగంట పడుతుంది. ఆ లెక్కలో వాలంటీర్లు ఎలా నెగ్గుతారు?

తర్వాత పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు 517 స్టాక్ ఓవర్‌ఫ్లో ప్రశ్నలు తీసుకుని చాట్‌జీపీటీ చేత జవాబులు చెప్పించి పరిశీలించారు. 52 శాతం జవాబుల్లో తప్పు సమాచారం ఉంది. 77 శాతం అవసరానికి మించి పొడుగు. ప్రశ్న ఏ సందర్భంలో అడిగారో అందుకోలేకపోవడం తప్పులకు ఒక పెద్ద కారణం. అయినా చదివినవాళ్లు 35 శాతం సార్లు వాటినే ఇష్టపడ్డారు, వివరంగా, మర్యాదగా ఉన్నాయని. 39 శాతం సార్లు లోపలి తప్పుని గమనించలేదు. ఆ యంత్రాలు అప్పటికీ ఇప్పటికీ మెరుగయ్యాయి, ఒప్పుకుంటాను. ఆ 52 ఇవాళ అంత ఉండకపోవచ్చు. కానీ ఈ అబ్బాయి జవాబుల్లో తప్పు సమాచారం కన్నా పెద్ద బాధ ఇంకోటి ఉంది చూశారా? ఎనిమిదో అంచె తప్పు కాదు. మూడో అంచె కమాండ్ కూడా దాని చోట తప్పు కాదు. ఇతని ప్రశ్నకు కాకపోవడమే తప్పు.

అలాగని యంత్రం రాసిందేమో అని వెతికి పట్టుకోవడం మీద నాకు నమ్మకం లేదు. స్టాక్ ఓవర్‌ఫ్లోలోనే దీని మీద పెద్ద గొడవ అయింది. 2023 మే నెలలో కంపెనీ, అనుమానంతో జవాబులు తీసేయొద్దని, అక్కడి జవాబులను పరిశీలించే మోడరేటర్లకు చెప్పింది, పట్టిచ్చే సాధనాలు అమాయకులనూ పట్టిస్తున్నాయని. మోడరేటర్లు జూన్ 5న సమ్మె మొదలుపెట్టారు. ఆగస్టులో ఒప్పందం కుదిరింది. రెండు వైపులా న్యాయం ఉంది. మన పిల్లల్లో చాలామందికి విషయం బాగా తెలుసు, ఇంగ్లీషులో రాయడానికి భయం. తన జవాబు తానే ఆలోచించుకుని, భాష మాత్రం సరిచేయించుకున్న పిల్లను దొంగలా చూడడం నాకు ఇష్టం లేదు. ఆ పిల్ల జవాబులో వర్క్‌బెంచ్ మాట ఉంటుంది. డ్రైవర్ వెర్షన్ ఏది అనే ప్రశ్న ఉంటుంది. నేను చూసేది అదే, ఎవరి వాక్యాలో కాదు.

మీరెవరో అడగబోతున్నట్టున్నారు. ఆ అబ్బాయి పేర్లు తిరిగి వచ్చాయా అనేగా? రాలేదమ్మా. 3F అయ్యాక రావు. మూడొందల పేర్లు ఎక్సెల్ ఫైలులో ఉన్నాయి, ప్రోగ్రాం సరిచేశాక మళ్లీ ఎక్కించాడు, ఐదు నిమిషాల పని. చేత్తో టైప్ చేసిన నలభై మాత్రం ఇంకే ఫైలులోనూ లేవు. అవి స్కూల్లో కాగితం రిజిస్టరులోనే ఉన్నాయి. మర్నాడు బస్సెక్కి వెళ్లి, అటెండరుని బతిమాలి బీరువా తీయించి, మళ్లీ ఒక్కొక్కటీ టైప్ చేశాడు. ఆ పేజీలో పది అంచెల జవాబు ఇప్పటికీ పైనే ఉంది, దానికే ఓట్లు ఎక్కువ. నా జవాబు దాని కింద ఉంది. దాని కింద ఆ అబ్బాయి ఒక లైను రాశాడు, "మూడో అంచె చేయకండి, ముందు HEX చూడండి" అని. అది చదివి ఆగినవాళ్లు ఇద్దరు నాకు మెసేజ్ పెట్టారు, ఇద్దరివీ తెలుగు పేర్లే, ఇద్దరివీ ఇంకా E0 తోనే ఉన్నాయి.